నాయన తద్దినానికి ఇంటివాళ్ల గ్రూపులో ఏం రాయాలి?

ప్రశ్న: మా నాన్న పోయి వచ్చే నెలకు ఏడాది. ఆ రోజు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో నాలుగు మాటలు పెట్టమని అక్క నాకు అప్పజెప్పింది. నెట్‌లో దొరికేవన్నీ ఒకేలా ఉన్నాయి. తిథికి పెట్టాలా, తేదీకి పెట్టాలా? అసలేం రాయాలి? మాది కావలి దగ్గర.

జవాబు:

మాది టంగుటూరు దగ్గర పల్లె. మా నాయన 2023 ఫిబ్రవరి 10న కాలం చేశారు. అప్పట్నుంచి మా గ్రూపులో రాసే పని నా మీదే పడింది కాబట్టి మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

ముందు తిథి సంగతి తేల్చుకోండి, అది ఆలస్యమైతే సర్దుకోలేం. మా నాయన పోయింది మాఘ బహుళ పంచమి. మొదటి ఏడు ఆ తిథి 2024 ఫిబ్రవరి 29న వచ్చింది. అంటే తేదీ దాటిన 19 రోజులకు. 2023లో అధిక శ్రావణం పడింది గదా, నెల మాసికాలు కూడా ఒకటి ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత 2025లో ఫిబ్రవరి 17, 2026లో ఫిబ్రవరి 6. మన చాంద్రమానం ఏడాదికి 354 రోజులే ఉంటుంది కాబట్టి తిథి ఏటా 11 రోజుల దాకా ముందుకు జరుగుతూ వస్తుంది, అధిక మాసం పడిన ఏడు ఒక్కసారిగా వెనక్కి పోతుంది. మీ నాన్నగారు పోయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా అధిక మాసం పడిందేమో పంచాంగంలో చూడండి. పడకపోతే మీ తిథి తేదీకంటే పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఇంకా నెలుందిలే అనుకుంటే దాటిపోతుంది. ఒక్కోసారి తిథి రెండు రోజుల మీద పడుతుంది. అప్పుడు మధ్యాహ్నం పైన, అపరాహ్ణంలో ఏ రోజు తిథి ఉంటే ఆ రోజే పట్టుకోవాలంటారు మా పురోహితులు. ఆ లెక్క మీ ఇంటి పురోహితుణ్ణే అడగండి. క్యాలెండర్‌లో పెద్దక్షరాలతో ఉండేది పొద్దుటి తిథి.

ఇక మెసేజీ ఏ రోజు పెట్టాలంటే, తిథి రోజే పెట్టండి. ఆ రోజు ఇంట్లో పటానికి దండ పడుతుంది, పొయ్యి మీద ఆయనకిష్టమైనవి ఉడుకుతుంటాయి, దూరాన ఉన్నవాళ్లకు ఆ మాటలు అప్పుడు చేరితేనే బాగుంటుంది. ఇంగ్లీషు తేదీకి గుర్తుపెట్టుకునే వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, ముఖ్యంగా బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు. వాళ్లు ఆ రోజు ఒక ఫోటో పెడితే పెట్టనివ్వండి. దాని మీద తిథా తేదీయా అని వాదన పెట్టుకోవడం దండగ.

కార్యక్రమం సంగతులు మాత్రం ఈ మెసేజీలో కలపొద్దు. అది వారం ముందే వేరుగా పోవాలి. మేం పోయినేడు పెట్టింది ఇంతే: "సోమవారం 17వ తేదీ నాయన తద్దినం. 11 గంటలకు అయ్యవారికి స్వయంపాకం ఇస్తాం. ఒంటిగంటకు భోజనాలు. బస్సులో వచ్చేవాళ్లు టంగుటూరులో దిగి ఫోన్ చేయండి, బండి పంపిస్తాం." ఇది తేల్చేస్తే ఆ రోజు పొద్దున రాసేదాంట్లో బస్సులూ భోజనాలూ దూరవు.

ఇప్పుడు అసలు విషయం. మొదటి ఏడు మా తమ్ముడు ముందే ఒక బొమ్మ తయారు చేయించి ఉంచాడు. మేఘాలు, దీపం, మధ్యలో నాయన పాస్‌పోర్టు ఫోటో, కింద "భౌతికంగా మా మధ్య లేకపోయినా మా గుండెల్లో చిరకాలం జీవించే ఉంటారు" అని. తప్పేం లేదు, పెట్టాం. నలభై మంది ఉన్న గ్రూపులో వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. రాయడానికి అందులో పట్టుకునేది ఏముంది? ఆ ఫోటో తీసేసి ఇంకెవరి నాయన ఫోటో పెట్టినా ఆ వాక్యం సరిగ్గా సరిపోతుంది. నేను ఇప్పటికీ వాడే పరీక్ష అదే. రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది పక్కింటి పెద్దాయనకు కూడా సరిపోతుందా అని చూస్తాను. సరిపోతే కొట్టేస్తాను. మంచి మనిషి, కష్టజీవి, అందరి తలలో నాలుక, ఇవన్నీ ఆ దెబ్బకు పోతాయి.

మిగిలేది ఏమిటంటే, మీరు కళ్లారా చూసినది, గ్రూపులో సగం మందికి తెలియనిది. ఒక్కటి చాలు. మా నాయనది పొగాకు సేద్యం. మాకు బ్యారన్ ఉండేది, అంటే పొగాకును వేడితో ఎండబెట్టే కొట్టం. బ్యారన్‌లో ఆకు కాల్చడం చూడని పిల్లలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. పచ్చి ఆకు కర్రలకు కట్టి లోపల వేలాడదీస్తారు, బయట పొయ్యిలో కట్టెలు వేస్తే ఆ వేడి గొట్టాల్లోంచి లోపలికి పోతుంది. మొదట ఆకు పసుపు రంగుకు తిరిగేదాకా ఫారెన్‌హీట్‌లో తొంభై, వంద డిగ్రీల దగ్గరే నిలపాలి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి చివరికి ఈనె ఎండటానికి నూట అరవై దాకా తీసుకెళ్లాలి. అయిదారు రోజుల పని, రాత్రిళ్లు కూడా మనిషి ఉండాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, వేలం ప్లాట్‌ఫారంలో దానికి ధర రాదు. నాయనను తలుచుకుంటే నాకు ముందు ఆ రాత్రిళ్లే గుర్తొస్తాయి. పోయినేడు నేను పెట్టింది ఇది:

"ఇవాళ నాయన తద్దినం. మాఘమాసం, బ్యారన్లు వెలిగే రోజులు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి నాయనతో బ్యారన్ దగ్గర పడుకున్నాను. మెలకువ వచ్చి చూస్తే ఆయన అద్దపు కిటికీకి టార్చి ఆనించి లోపలి థర్మామీటరు చూస్తున్నారు. చూసి, బొగ్గుముక్కతో గోడ మీద అంకె వేశారు. పొయ్యి దగ్గర కూలికొచ్చిన పెద్దాయన నిద్రపోతున్నాడు. ఆయన్ని లేపలేదు. తనే రెండు మొద్దులు పొయ్యిలోకి తోసి, చప్పుడు కాకుండా వచ్చి కూర్చున్నారు. ఆయన్ని లేపొచ్చుగా నాయనా అన్నాను. 'పగలంతా ఆకు మోశాడబ్బాయ్. మనం చూసుకుందాంలే, నువ్ పడుకో' అన్నారు. పొద్దున ఆ పెద్దాయన లేచి, నిద్రపట్టేసిందయ్యా అని నొచ్చుకుంటే, 'నాకూ పట్టేసింది' అన్నారు. గోడ మీద గంటగంటకూ వేసిన అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇవాళ మధ్యాహ్నం అమ్మ ఆయనకిష్టమని గోంగూర పప్పు చేస్తోంది. మీకు గుర్తున్నది మీరూ చెప్పండి. – పెద్దోడు"

చూడండి, దీంట్లో ఎక్కడా ఆయన మంచివాడని లేదు. మొదట రాసుకున్నప్పుడు చివర్న "అంత మంచి మనసు ఆయనది" అని ఉండింది. మా ఆవిడ చదివి, అది తీసెయ్యండి, గోడ మీద అంకెలే చెప్తున్నాయి గదా అంది. తీసేశాను.

చివర్న "పెద్దోడు" అని పెట్టడానికి కారణం ఉంది. ఆయన నాకు నాయన, మా తమ్ముడి భార్యకు మావయ్య, చిన్నాయనకు అన్న, పిల్లలకు తాత. గ్రూపులో అందరి తరఫునా రాయబోతే ఎవరి వరసా కుదరదు, పత్రికలో వేసే శ్రద్ధాంజలి ప్రకటనలాగా తయారవుతుంది. ఒక్కరి గొంతులో రాసి, ఆ ఒక్కరెవరో చివర్న చెప్పండి. మీ అక్క తరఫున రాస్తుంటే ఆమె చూసింది ఆమె నోటితోనే రాయించండి, మీ జ్ఞాపకానికి ఆమె పేరు పెట్టొద్దు. పేరుకు ముందు కీర్తిశేషులు, స్వర్గీయ లాంటివి కార్డు మీద బాగుంటాయి గానీ ఇంట్లోవాళ్ల దగ్గర నాయన అంటే చాలదా?

"మీకు గుర్తున్నది చెప్పండి" అన్న మాట మానొద్దు. ఆ రోజు ముందుగా మాట్లాడింది మా మేనమామ. టైపు చేయడం రాదు, వాయిస్ పెట్టాడు. ఒక ఏడు టంగుటూరు వేలంలో మా బేళ్లకు ధర రాక వెనక్కి తెచ్చుకున్న రోజున, దారిలో బండాపి నాయన మేనమామకు పుచ్చకాయ కొనిపెట్టి, "మీ అక్కకు మాత్రం ధర సంగతి అన్నం తిన్నాక చెప్దాం" అన్నారట. అది అమ్మకు అప్పటిదాకా తెలియదు. చిన్నాయన కూతురు ఇంకోటి రాసింది, సాయంత్రానికి ఏడెనిమిది పోగయ్యాయి. వాటన్నిటినీ ఒక నోట్‌బుక్కులో ఎక్కించి పెట్టాను. మళ్ళీ ఏడు ఏం రాయాలా అన్న బెంగ కూడా తీరింది.

మా అమ్మకు చదవడం రాదు. అందుకని అదే మెసేజీని నా గొంతుతో చదివి కూడా పెట్టాను. పైకి చదివి చూసుకుంటే ఎక్కడ వాక్యం పొడుగైందో తెలిసిపోతుంది, ఊపిరి ఆగే చోట విరగ్గొట్టండి. అమ్మకు మాత్రం గ్రూపులో వినేముందు పక్కన కూర్చుని ఒకసారి వినిపించండి. మొదటి ఏడు ఇది మరీ ముఖ్యం. అందరి మధ్యలో హఠాత్తుగా వింటే తట్టుకోలేరు.

ఫోటో కూడా పెట్టండి గానీ, దండ వేసిన పటం ఫోటో వద్దు. పెళ్లి ఆల్బమ్‌లలో వెతికితే ఆయన పక్కకు చూస్తూనో, ఎవరితోనో మాట్లాడుతూనో ఉన్నది ఒకటి దొరుకుతుంది. పాత ఫోటోను ఫోన్‌తో తీసేటప్పుడు ప్లాస్టిక్ కవరులోంచి బయటికి లాగి, కిటికీ దగ్గర నీడలో పెట్టి తీస్తే మెరుపు పడదు.

కొన్ని సంగతులు మాత్రం ఈ మెసేజీలోకి రాకూడదు. చివరి రోజులు, ఆసుపత్రి, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, ఇంకా పంచుకోని పొలం. మా ఇంట్లో కూడా ఆసుపత్రి విషయంలో చెల్లెలికీ నాకూ మాట పట్టింపు ఉంది. అందుకే నేను ఎంచుకునే జ్ఞాపకం ఎప్పుడూ మేమంతా చిన్నగా ఉన్నప్పటిది, ఎవరినీ తక్కువ చేయనిది. మీ నాన్నగారితో మీకే సరిగా పడకపోయి ఉంటే బలవంతంగా పొగడక్కర్లేదు. ఆయన చేతి పని ఏదో ఒకటి ఉంటుంది, సైకిల్ పంక్చరు వేసుకోవడమో, వల అల్లడమో, లెక్కలు రాసుకోవడమో. అది చేస్తుంటే చూసింది చూసినట్టు రాయండి, అబద్ధం ఉండదు.

మీ అక్కతో ఈ రాత్రే ఒకసారి కూర్చోండి. తిథి ఏదో, దానికి వచ్చే తేదీ ఏదో ముందు రాసుకుని, పురోహితుడికి ఫోన్ చేయండి.