అద్దెకు ఎన్ని చొక్కాలు?

దుకాణం అద్దె తీరాలంటే దర్జీ నెలకు కనీసం ఎన్ని చొక్కాలు కుట్టాలో ఎలా లెక్కేయాలి?

మా బాబాయి దర్జీ. అద్దె 7,000, చొక్కాకు కుట్టుకూలి 350. భాగించి 20 చాలనుకున్నాడు. నెలాఖరుకు 1,200 తక్కువ పడింది! దారం, గుండీలు, కాలర్లో వేసే బక్రం, కాజాలు కుట్టినవాడి కూలి కలిపి ఒక్కో చొక్కాకు 60 పోతోంది మరి. అద్దెకు మిగిలేది 290 మాత్రమే.

7,000ను 290తో భాగిస్తే 24.14. మామూలుగా దీన్ని 24 అనేస్తాం, ఇక్కడ కుదరదు. 24 చొక్కాలకు వచ్చేది 6,960, ఇంకా 40 కావాలి. 25వ చొక్కాతో అద్దె తీరి 250 మిగులుతుంది. అదీ బాబాయి తన రెక్కల కష్టానికి ఏమీ వేసుకోకుండా. కొలత తప్పి విప్పి కుట్టిన చొక్కా దారం రెండుసార్లు తింటుంది, లెక్కకు మాత్రం ఒకటే.