గోబర్ గ్యాస్ పైపు లీకు: అగ్గిపుల్లతో వద్దు, లెవెల్ పైపుతో చూడండి

ప్రశ్న: మాది రెండు ఘనపు మీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్. ఈ మధ్య పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. సాయంత్రానికి ఉండదు. స్టవ్ మంట కూడా ఎగిరెగిరి పడుతోంది. అగ్గిపుల్ల గీసి పైపు వెంట పట్టుకుంటే లీకు దొరుకుతుందని మా మామ అంటున్నారు. అలా చూడొచ్చా? లేకపోతే ఎట్లా కనుక్కోవాలి?

జవాబు:

అగ్గిపుల్ల మాత్రం వద్దండి. మాది నర్సంపేట దగ్గరి ఊరు. ఇంట్లో ఉన్నది కూడా దీనబంధు ప్లాంటే. మీరు చెప్పిన వాసన మా వంటింట్లోనూ వచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు, వాసన పొద్దున్నే ఎందుకు వస్తుందో చూడండి. రాత్రంతా ఎవరూ స్టవ్ వెలిగించరు. గుమ్మటంలో గ్యాస్ పోగవుతూ పెండ నీళ్లను బయటి తొట్టిలోకి నెడుతుంది. లోపలి మట్టానికీ తొట్టి మట్టానికీ ఎంత తేడా ఉంటే గ్యాస్‌కు అంత ప్రెషర్. తెల్లారేసరికి అది బాగా ఎక్కువగా ఉంటుంది కాబట్టి చిన్న పగులు నుంచి కూడా గ్యాస్ జోరుగా వస్తుంది. పైగా వంటింటి తలుపులు రాత్రంతా మూసే ఉంటాయి. రెండు పూటల వంట అయ్యాక ప్రెషర్ దిగుతుంది, వాసన తగ్గుతుంది. అంటే సాయంత్రం వాసన లేదని లీకు పోయినట్టు కాదు.

ఈ గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్. దానికి వాసన ఉండదు. మీకు వచ్చే కంపు అందులో కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే ఒక్కసారిగా అంటుకుంటుంది. గదిలో ఎంత ఉందో ముక్కు చెప్పలేదు. కాసేపు అక్కడే నిలబడితే ముక్కు అలవాటు పడి ఆ కంపు కూడా తెలియదు. గది మొత్తంలో తక్కువే ఉన్నా, కారుతున్న చోటు పక్కనే అంటుకునే పాళ్లలో గ్యాస్ ఉంటుంది. మామ అగ్గిపుల్ల పెట్టేది సరిగ్గా అక్కడే. ఇంకోటి, సన్న లీకు దగ్గర అంటుకున్న నీలం మంట పగటి వెలుగులో కనిపించదు. "ఏం లేదు" అనుకుని పక్కకు వెళ్తే అది రబ్బరు పైపును కాలుస్తూనే ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. చాలామందికి దేవుడి గూడు వంటింట్లోనే. తెల్లారి తలుపు తీయగానే దీపం, అగరుబత్తి. వాసన ఉన్నన్ని రోజులు దీపం బయట పెట్టుకోమని అత్తమ్మకు చెప్పండి. వాసన తగిలితే లైటు స్విచ్ ముట్టుకోకుండా ముందు కిటికీలు, తలుపులు తీయాలి, తర్వాత గుమ్మటం దగ్గరి వాల్వు కట్టేయాలి. ఫ్యాన్ వేస్తే వాసన పోతుందని వేయబోతారు. స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు.

ఇక కనుక్కునే పద్ధతి. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన లెవెల్ పైపు మూడు మీటర్లు తెచ్చుకోండి. దాన్ని యూ ఆకారంలో వంచి, ఒక్కో కాలు మీటరు పైన ఉండేట్టు చెక్కకు కట్టి, సగం దాకా నీళ్లు పోయండి. నీళ్లలో కొంచెం కుంకుమ కలిపితే మట్టం బాగా కనిపిస్తుంది. సాయంత్రం వంట అయ్యాక, ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఎండలో పైపు వేడెక్కితే లోపలి ప్రెషర్ మారి లెక్క తప్పుతుంది, అందుకని కూడా సాయంత్రమే మేలు. పొయ్యి, దీపం, బీడీ అన్నీ ఆర్పేసి, తలుపులు తీసి పెట్టండి.

గుమ్మటం వాల్వు కట్టి, స్టవ్ నుంచి రబ్బరు పైపు ఊడదీసి, దాన్ని లెవెల్ పైపు ఒక కొసకు క్లిప్పుతో బిగించండి. రెండో కొస తెరిచే ఉంచాలి. వంటింటి కాక్ తీసి, గుమ్మటం వాల్వు మెల్లగా తిప్పండి. గబుక్కున తిప్పితే నీళ్లు ఎగజిమ్మి, వాటి వెనకే గ్యాస్ వస్తుంది. ఒక కాలులో నీళ్లు దిగి రెండో కాలులో ఎక్కుతాయి. మట్టాలు నిలవగానే వాల్వు కట్టేసి, రెండు చోట్లా దారం కట్టి పావుగంట ఆగండి. పైపులో పట్టే గ్యాస్ కొద్ది లీటర్లే కాబట్టి సన్న లీకున్నా మట్టం దిగడం కంటికి కనిపిస్తుంది.

దిగిందనుకోండి, వాల్వు తీసి మళ్లీ మట్టాలు ఎక్కించి, ఈసారి వంటింటి కాక్ కూడా కట్టేయండి. ఇప్పుడు లెవెల్ పైపు చూసేది రబ్బరు పైపును మాత్రమే. మట్టం కదలకపోతే లీకు కాక్ అవతల, బయటి లైనులో ఉన్నట్టు. అప్పటికీ దిగుతుంటే రబ్బరు పైపులోనో, దాని మొనల దగ్గరో, కాక్‌లోనో ఉన్నట్టు. మా ఇంట్లో కాక్ కట్టినా దిగుతూనే ఉంది. సర్ఫ్ నీళ్లు బ్రష్‌తో పూస్తే స్టవ్ క్లిప్పు ఉండే కొస దగ్గర సన్న బుడగలు వరుసగా వచ్చాయి. పైకి పైపు బాగానే ఉంది. క్లిప్పు వదులు చేసి అక్కడ వంచి చూస్తే, గట్టిపడిన రబ్బరులో గోరు పొడవున మూడు పగుళ్లు నోరు తెరిచాయి. టేపు చుట్టి సరిపెట్టొద్దు, పైపు మార్చేయండి. మీ పైపు కొని ఏళ్లు గడిచి ఉంటే ఈ పరీక్షకు ముందే మార్చినా తప్పులేదు.

బయటి లైనులోనే అని తేలితే గుమ్మటం వాల్వు కాడ, ఎల్బోలు, యూనియన్, నీళ్లు తీసే ట్రాప్ మూత, వరుసగా సబ్బు నీళ్లతో చూడండి. మంట ఎగిరెగిరి పడటం వేరే సంగతి, అది పైపులో నీళ్లు నిలిచినందుకు. స్టవ్ ఆర్పి, లైనులో అన్నిటికంటే పల్లంలో ఉన్న ట్రాప్ తెరవండి. నీళ్లు అయిపోయి బుస్సుమన్న చప్పుడు రాగానే మూసేయండి. ఆ బుస్సుమనేది గ్యాసే, కాబట్టి బీడీ వెలిగించుకున్న మనిషిని ఆ పనికి పంపొద్దు. పత్తి కట్టె కాల్చడం కూడా గుమ్మటానికీ ఈ లైనుకూ చాలా దూరంగా పెట్టుకోండి.

పైపు మొత్తం బాగుండి, ప్లాంటు దగ్గరే వాసన వస్తూ, మునుపంత గ్యాస్ రావట్లేదంటే గుమ్మటం పగిలిందేమో చూడాలి. దానికి గుంత ఖాళీ చేయాలి. ఇక్కడ మన పాత అలవాటు ఒకటి ప్రాణం మీదికి తెస్తుంది. బావిలో దిగే ముందు దీపం దించి, ఆరిపోతే దిగొద్దు అనుకుంటాం కదా, గ్యాస్ గుంతలో దీపం దించితే అది ఆరడం కాదు, గుంతే పేలొచ్చు. తొట్టి మీది బండలు జరిపి లాంతరుతో తొంగి చూడటం కూడా అంతే. లోపల ఎవరైనా పడిపోతే వెనకే ఇంకొకరు దూకొద్దు. అక్కడ గాలి ఉండదు, ఇద్దరూ పోతారు. ఆ పని మీ ఇంటివాళ్లు పెట్టుకోకుండా, ఇలాంటి ప్లాంట్లు కట్టి బాగుచేసే అనుభవం ఉన్న మేస్త్రీకి అప్పగించండి. బయట నుంచి గాలి కొట్టే బ్లోయరు, నడుముకు తాడు, తాడు పట్టుకుని పైన ఇద్దరు మనుషులు లేకుండా లోపలికి దిగుతానంటే ఆయన్ను కూడా దిగనివ్వకండి. బాగుచేసి మళ్లీ పెండ నింపాక మొదట వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది. దాన్ని వెలిగించకుండా బయటికే వదిలేసి, ఆ తర్వాత కూడా స్టవ్ దగ్గరే వెలిగించి చూడాలి. గుమ్మటం పైపు మొన దగ్గర మంట పెట్టి చూడొద్దు.