అదే 20 లక్షలు, మూడు రకాల పెన్షన్

ప్రశ్న: పేపర్ మిల్లులో రిటైరయ్యాను, వయసు 62. 20 లక్షలు కట్టి జీవితాంతం పెన్షన్ తీసుకుందామని మూడు కంపెనీలను అడిగితే నెలకు 10,500, 14,000, 14,900 అన్నాయి. ఇది మోసం కాదా? కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా

జవాబు: కేసు నిలవదండీ. ఇంత డబ్బుకు ఇంత పెన్షన్ ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు, ఎవరి లెక్క వాళ్లదే.

ముందు ఆ 10,500 కాగితం మళ్లీ చూడండి. అందులో ‘రిటర్న్ ఆఫ్ పర్చేజ్ ప్రైస్’ అని ఉండొచ్చు. అంటే మీ తర్వాత 20 లక్షలూ నామినీకి వస్తాయి. అందుకని కంపెనీ మీకిచ్చేది ఇంచుమించు వడ్డీయే. ఆరున్నర శాతం చొప్పున నెలకు 10,833 అవుతుంది. అందులో తన ఖర్చులు పట్టుకుంటుంది.

మిగతా రెండింటిలో అసలు కూడా కొంచెం కొంచెంగా మీకే వచ్చేస్తుంది, మీతోనే ఆగిపోతుంది. ఆయుష్షు లెక్క ముఖ్యమయ్యేది ఇక్కడే. ఒక కంపెనీ మీరింకా 20 ఏళ్లు ఉంటారనుకుంటే, అదే వడ్డీకి నెలకు సుమారు 15,100 ఇవ్వగలదు. 23 ఏళ్లనుకున్నది 14,160 దగ్గరే ఆగుతుంది. నిజానికి ఏ ఏడు ఎంతమంది బతికుంటారో పట్టిక చూసి కడతారు, నేను చెప్పింది మోటు లెక్క. పెన్షన్ కొనేవాళ్లు మామూలు జనం కంటే ఎక్కువ కాలం బతుకుతారని కంపెనీల అనుభవం. అందుకే వాళ్లకు 2012-15 నాటి వేరే పట్టికే ఉంది. వడ్డీ సంగతీ అంతే: మీ డబ్బు పెట్టిన బాండ్లు ఏడు శాతం తెస్తే ఆ 23 ఏళ్ల కంపెనీ కూడా 14,800 దాకా వెళ్లగలదు. బాండ్ల రేట్లు మారుతుంటాయి కాబట్టి మూడు కొటేషన్లూ ఒకే వారంలో తీసుకోండి. భార్యకు కూడా పెన్షన్ కావాలంటే మూడు చోట్లా అదే అడగండి.

నాకు టెన్షన్ ఇంకోచోట ఉంది. మన వైపు ఒడియా స్కూల్ సర్టిఫికెట్‌లో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకోటి ఉండటం నేను చాలాసార్లు చూశాను. జీవిత బీమాలో వయసు తగ్గించి చెబితే లాభం, పెన్షన్‌లో పెంచి చెబితే లాభం. 62 కాదు 59 అని తర్వాత తేలితే పెన్షన్ తగ్గించొచ్చు. మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించకూడదనే సెక్షన్ 45 కూడా వయసు రుజువు అడిగి లెక్క సరిచేయడాన్ని అడ్డుకోదు. డబ్బు కట్టకముందే తేదీలు ఒకటి చేయించుకోండి.

అసలు వాపసు వస్తుందని ఏజెంటు చెప్పి, పాలసీ కాగితంలో ఆ మాట లేకపోతే మాత్రం అది నిజంగా ఫిర్యాదే. పాలసీ చేతికందిన 30 రోజుల్లో ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ గడువు దాటితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వాళ్లు కాదంటే ఏడాదిలోగా భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు.