ఆరు లక్షల సీటీసీలో నెలనెలా చేతికి వచ్చేది ఎంత?

ప్రశ్న: మాది గుంటూరు. గన్నవరం దగ్గర ఒక కంపెనీలో మొదటి ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో సీటీసీ 6 లక్షలని ఉంది. చివరి పేజీలో బేసిక్ నెలకు 25,000, వేరియబుల్ ఏడాదికి 60,000, కంపెనీ తరఫు పీఎఫ్ నెలకు 3,000, గ్రాట్యుటీ నెలకు 1,202, ఇన్సూరెన్స్ ఏడాదికి 6,000 అని రాశారు. నెలకు 50 వేలు చేతికి వస్తాయా? ఇంట్లో ఆ లెక్కతోనే బండి లోను, చెల్లి ఫీజు మాట్లాడుకుంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు:

రావండి. మీరు రాసిన అంకెల ప్రకారం నెలకు చేతికి వచ్చేది 37,098 రూపాయలు. ఇంట్లో ఈ మాట ఈరోజే చెప్పేయండి. ఎందుకంటే మా ఇంట్లో నేను చెప్పలేదు, చెప్పడానికి నాకే తెలియదు.

నా మొదటి ఆఫర్ లెటర్‌లో సీటీసీ 3,60,000. పన్నెండుతో భాగిస్తే 30 వేలు. బ్రాడీపేటలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి అదే చెప్పాను. ఆవిడ నా జీతం నమ్ముకుని నెలకు 5 వేల చీటీ కట్టడానికి ఒప్పుకుంది. మొదటి నెల బ్యాంకు మెసేజ్‌లో 23 వేల చిల్లర కనిపించింది. కంపెనీ మోసం చేసిందేమోనని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మోసమేమీ లేదు, అంతా ఆ చివరి పేజీలోనే రాసి ఉంది. నాకు చదవడం రాలేదంతే.

సీటీసీ అంటే మీ జీతం కాదు, మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందుకే అందులో ప్రతి లైను దగ్గరా ఆగి, ఈ డబ్బు నాకు ఎప్పుడు వస్తుంది, రాకుండా పోయే అవకాశం ఉందా అని చూసుకోవాలి.

ముందు వేరియబుల్ తీసేయండి, అది మీ పని, కంపెనీ ఫలితం చూసి విడిగా ఇచ్చేది. 6,00,000లో 60,000 పోతే 5,40,000. ఇక కంపెనీ తరఫు పీఎఫ్ ఏడాదికి 36,000, గ్రాట్యుటీ 14,424, ఇన్సూరెన్స్ 6,000. ఈ మూడూ మీ జీతం ఖాతాలోకి రావు. అవి తీసేస్తే మిగిలేది 4,83,576. పన్నెండుతో భాగిస్తే 40,298. పే స్లిప్‌లో గ్రాస్ అని కనిపించేది ఇదే. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్ అన్నీ కలిపితే ఈ అంకెకు రావాలి. రాకపోతే మీరు ఏదో లైను వదిలేసినట్టు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పీఎఫ్ ఒకసారి తీసేశాం కదా అనుకుంటారు. కానీ అది కంపెనీ వాటా. మీ వాటా వేరే ఉంది, అదీ బేసిక్‌లో 12 శాతమే, అంటే ఇంకో 3,000. అది గ్రాస్‌లోంచి కట్ అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 20 వేలు దాటితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. రెండూ తీస్తే 37,098. ఆదాయపు పన్ను మీకు పడదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది, జీతగాళ్లకు దానిపైన 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది. మీ పాన్ నంబరు మాత్రం మొదటి రోజే ఇవ్వండి. ఇవ్వకపోతే ఎక్కువ రేటుతో కోసే ప్రమాదం ఉంటుంది.

మీరు అనుకున్న 50 వేలకీ దీనికీ తేడా 12,902. అందులో వేరియబుల్ 5,000, కంపెనీ పీఎఫ్ 3,000, మీ పీఎఫ్ 3,000, గ్రాట్యుటీ 1,202, ఇన్సూరెన్స్ 500, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. సరిగ్గా సరిపోయింది. ఈ తేడాలో కొంత మీ డబ్బే, కొంత మీది అవుతుందో లేదో ఇంకా తెలియదు. ఆ సంగతి కాస్త వివరంగా చెప్తాను.

పీఎఫ్ ఖచ్చితంగా మీదే. ఉద్యోగం మారినా యూఏఎన్ అనే మీ శాశ్వత పీఎఫ్ నంబరుతో మీ వెంటే వస్తుంది. పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. నేను మొదటిసారి పాస్‌బుక్ తెరిచినప్పుడు కంపెనీ వాటా కాలమ్‌లో 440 రూపాయలే ఉన్నాయి. నా బేసిక్ 12,000, రావాల్సింది 1,440 కదా, వెయ్యి ఏమైందని కంగారుపడ్డాను. పక్క కాలమ్‌లో ఉంది ఆ వెయ్యి, పెన్షన్ స్కీము కింద. కంపెనీ కట్టే 12 శాతంలోంచి, బేసిక్‌లో 8.33 శాతం అటు వెళ్తుంది. మీకు ఇలా జరగకూడదు. 2014 సెప్టెంబర్ నుంచి, 15,000 దాటిన బేసిక్‌తో మొదటిసారి చేరేవాళ్లు పెన్షన్ స్కీములోకి రారు. కాబట్టి మీది 3,000, కంపెనీది 3,000, మొత్తం 6,000 పీఎఫ్‌లోనే కనిపించాలి. పెన్షన్ కాలమ్‌లో డబ్బు పడుతుంటే హెచ్‌ఆర్‌కి వెంటనే చెప్పండి, ఆలస్యమైతే సరిచేయించుకోవడం కష్టమవుతుంది.

ఇక్కడే మీకు ఒక వెసులుబాటు కూడా ఉంది. పీఎఫ్ చట్టం ప్రకారం తప్పనిసరి లెక్క 15,000 వరకే, అంటే నెలకు 1,800. చాలా కంపెనీలు బేసిక్ ఎంతున్నా 1,800 చాలు అనుకునే వీలు ఇస్తాయి. మీ కంపెనీ ఒప్పుకుంటే, కంపెనీ వాటాలో తగ్గిన 1,200 స్పెషల్ అలవెన్స్‌లోకి వస్తుంది, మీ వాటాలో తగ్గిన 1,200 కోతలోంచి మిగులుతుంది. గ్రాస్ 41,498 అయి, చేతికి 39,498 వస్తుంది. 2,400 తేడా. అసలు ఇంతకుముందు పీఎఫ్ సభ్యత్వం లేనివాళ్లు, బేసిక్ 15,000 దాటితే, పూర్తిగా వద్దనుకునే వీలు కూడా ఉంది. చేరేటప్పుడు ఇచ్చే ఫారం 11 అందుకే. కానీ పూర్తిగా వద్దనుకోవడం నాకు ఇష్టం లేదు. నా పెళ్లప్పుడు చేతిలో ఉన్న పొదుపు పీఎఫ్ ఒక్కటే. చెల్లి ఫీజు ఉంది కాబట్టి మీకైతే 1,800 అడగమంటాను. అయితే ఆ తగ్గిన కంపెనీ వాటా మీ జీతంలో కలుపుతారా లేదా అన్నది మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. కలపకపోతే అడగకండి, మీకే నష్టం.

గ్రాట్యుటీ సంగతి వేరు, అది ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం. ఆ 1,202 మీ పేరు మీద ఎక్కడా జమ కాదు. ఏడాది పనికి 15 రోజుల జీతం, నెలకు 26 పనిరోజులు అన్న లెక్కతో వచ్చిన అంకె అది. 25,000ని 26తో భాగించి 15తో గుణిస్తే 14,423. దాన్ని పన్నెండు నెలలకు పంచితే 1,202. బేసిక్‌లో 4.81 శాతం అని లెటర్లలో రాసేది ఇదే. మామూలు ఉద్యోగంలో ఐదేళ్లు పూర్తయితేనే ఇస్తారు. ఉద్యోగి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా ఆ గడువు వర్తించదు. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌తో నిర్ణీత కాలం కాంట్రాక్టు మీద చేరినవాళ్లకు ఏడాదికే హక్కు వచ్చింది. మీ లెటర్‌లో అలాంటి కాలపరిమితి ఉందేమో చూసుకోండి. నేను మొదటి కంపెనీలో మూడేళ్లు చేశాను. మూడేళ్లూ నా సీటీసీలో గ్రాట్యుటీ లైను ఉంది. వెళ్లిపోయేటప్పుడు ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో ఆ లైను ఎదురుగా సున్నా ఉంది. అది న్యాయంగానే జరిగింది. కానీ నేను నా జీతం అనుకున్న దాంట్లో అది ఎప్పుడూ లేదని అప్పుడు తెలిసింది.

అన్నింటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరియబుల్. మొదటి ఏడాది 36,000లో 70 శాతం ఇచ్చారు. నా రేటింగ్ బాగానే ఉంది, కంపెనీ లెక్క తగ్గింది. సగం మన పని మీద, సగం కంపెనీ ఫలితం మీద ఉంటుందని అప్పుడు చెప్పారు. చివరి ఏడాది మార్చిలో రాజీనామా చేసి వెళ్లిపోయాను. వేరియబుల్ మేలో పడుతుంది. డబ్బు పడే రోజుకి ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఇస్తామన్న వాక్యం లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. ఏడాదంతా పనిచేసి రూపాయి కూడా తీసుకోలేదు. ఆ వాక్యం మీ లెటర్‌లోనూ వెతకండి.

మీరు జూలైలో చేరితే మార్చికి తొమ్మిది నెలలే అవుతుంది కాబట్టి, 60,000లో మీకు లెక్కకు వచ్చేది 45,000. అందులో నాకు ఇచ్చినట్టు 70 శాతమే ఇస్తే 31,500. అది కూడా వచ్చే ఏడాది వేసవిలో. కొన్ని కంపెనీలు ఫలానా నెల తర్వాత చేరినవాళ్లకు ఆ ఏడాది అసలు ఇవ్వవు. ఏడాదికి ఒకసారా, మూడు నెలలకు ఒకసారా, నెలనెలా ఇస్తారా అన్నది కూడా అడగండి. నెలనెలా ఇచ్చేదైతే కొంత ధైర్యంగా ఉండొచ్చు.

హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టడానికి మొహమాటపడకండి. వేరియబుల్ ఎప్పుడు ఇస్తారు, పోయిన ఏడాది సగటున ఎంత శాతం ఇచ్చారు, పీఎఫ్ 1,800కి పరిమితం చేసుకుంటే మిగతాది జీతంలో కలుపుతారా, గ్రాస్ ఎంత, ఇవి అడగండి. చేరకముందు అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. నేను రెండో ఉద్యోగంలో ఇవన్నీ అడిగాను, మర్నాడే పూర్తి లెక్క పంపారు.

ఇంకొకటి, మొదటి నెల జీతం 37,098 కూడా రాకపోవచ్చు. నెల మధ్యలో చేరితే ఉన్న రోజులకే లెక్కకడతారు. 20వ తేదీ తర్వాత చేరినవాళ్లకు ఆ రోజుల జీతం తర్వాతి నెలలో కలిపి ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. గుంటూరు నుంచి రోజూ గన్నవరం తిరగడం కష్టం, విజయవాడలో గది చూసుకుంటారేమో. అడ్వాన్సు, రెండు నెలల ఖర్చు ఇంటి నుంచి తెచ్చుకోవాల్సి వస్తుందని ముందే చెప్పండి. బండి లోను మాత్రం మొదటి పే స్లిప్ చేతికి వచ్చాకే తీసుకోండి.