డెవలపర్ ఫోన్‌లో రాని బగ్‌ను ఎలా నిరూపించాలి?

*బీటెక్ తర్వాత ఒక చిన్న సంస్థలో టెస్టర్‌గా చేరాను. నేను పంపే బగ్ రిపోర్టుల్లో చాలావరకు ‘Cannot Reproduce’ అని తిరిగి వస్తున్నాయి. నిన్న షాపింగ్ యాప్‌లో చిరునామా దానంతట అదే చెరిగిపోతోందని స్క్రీన్‌షాట్‌తో సహా రాసినా అదే జవాబు. టెస్టింగ్ మానేసి డెవలప్‌మెంట్ వైపు వెళ్లాలా?*

ఆ నిర్ణయం ఇప్పుడే వద్దు. ముందు ఈ చిరునామా బగ్‌నే మళ్లీ రాద్దాం.

మీరు జతచేసింది ఖాళీ ఫారం స్క్రీన్‌షాటే అయి ఉంటుంది. కొత్తగా పేజీ తెరిచినా ఫారం ఖాళీగానే ఉంటుంది కదా, దాన్ని చూసి డెవలపర్‌కు ఏం తెలుస్తుంది? చిరునామా నింపిన తెర ఒకటి, చెరిగిపోయాక మరొకటి, రెండింటిలో పైన గడియారం కనిపించేలా పెట్టండి. స్క్రీన్ రికార్డింగ్ అయితే ఇంకా మేలు. అందులో నిజమైన వినియోగదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండకూడదు.

‘దానంతట అదే’ అన్న మాటను మాత్రం వదలకుండా తవ్వాలి. చెరిగే ముందు మీరేం చేశారు? ఓటీపీ చూడటానికో, ఫొటో తీయడానికో యాప్ నుంచి బయటకు వెళ్లారా? ర్యామ్ తక్కువున్న ఆండ్రాయిడ్ ఫోన్లు వెనక ఉన్న యాప్‌ను మూసేసి, తిరిగి వచ్చినప్పుడు మళ్లీ మొదలుపెడతాయి. టైప్ చేసినదాన్ని యాప్ దాచుకోకపోతే అది పోతుంది. డెవలపర్ చేతిలోని ఫోన్‌లో ర్యామ్ ఎక్కువ కాబట్టి అతనికి ఆ పరిస్థితే ఎదురుకాకపోవచ్చు.

ఈ అనుమానాన్ని తేల్చుకునే మార్గం ఫోన్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో `Don't keep activities` ఆన్ చేస్తే, మీరు ఒక తెరను వదిలిన వెంటనే ఆండ్రాయిడ్ దాన్ని తీసేస్తుంది. అప్పుడు ర్యామ్ ఎక్కువున్న ఫోన్‌లోనూ చిరునామా చెరిగితే మీ అనుమానానికి గట్టి ఆధారం దొరికినట్టే. పని అయ్యాక తప్పకుండా ఆఫ్ చేయండి, లేకపోతే మిగతా పరీక్షల ఫలితాలు కూడా తారుమారవుతాయి.

ఇక రిపోర్టు ఇలా ఉండవచ్చు:

> శీర్షిక: వేరే యాప్‌కు వెళ్లి తిరిగి వస్తే చిరునామా ఫారం ఖాళీ అవుతోంది
> పరికరం: ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ 13, 3 జీబీ ర్యామ్, యాప్ బిల్డ్ నంబర్
> దశలు: 1. లాగిన్ అయి, కార్ట్‌లో ఒక వస్తువుతో చిరునామా పేజీకి వెళ్లాలి. 2. ఇంటి నంబరు, పిన్‌కోడ్ టైప్ చేయాలి, సేవ్ నొక్కకూడదు. 3. హోమ్ నొక్కి, కెమెరాలో ఫొటో తీయాలి. 4. రీసెంట్స్ నుంచి యాప్‌కు తిరిగి రావాలి.
> రావలసింది: టైప్ చేసిన వివరాలు అలాగే ఉండాలి
> వచ్చింది: రెండు గడులూ ఖాళీ
> ఎన్నిసార్లు: 5లో 4. 8 జీబీ ఫోన్‌లో 5లో 0; `Don't keep activities` ఆన్ చేస్తే 5లో 5

అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది ఆ చివరి వరుస. డెవలపర్ తన దగ్గరున్న ఫోన్‌లోనే బగ్‌ను రప్పించుకునే దారి అందులో ఉంది. పైగా 5లో 4 అని ఉంది కాబట్టి, ఒకసారి ప్రయత్నించి రాలేదని రిపోర్టును మూసేయడు. కారణం మీ ఊహ అయితే దాన్ని దశల్లో కలపకుండా కింద విడిగా రాయండి.

తిరిగి వచ్చిన మిగతా రిపోర్టుల్లోంచి రెండు మూడు తీసి, ఏ పరిస్థితిలో బగ్ వస్తుందో ఇలాగే వెతకండి. ఆ వెతుకులాట మీకు నచ్చితే టెస్టింగ్‌లోనే ఉండండి. బగ్ దొరికాక దాని కోడ్ తెరిచి సరిచేయాలని చేతులు ఉబలాటపడితే అప్పుడు డెవలప్‌మెంట్ గురించి మాట్లాడుకుందాం.