డెస్టినీ, సోల్ అర్జ్ నంబర్లతో ఇద్దరి కోరికలూ ఒకటేనా అని తెలుస్తుందా?

ప్రశ్న: హన్మకొండ సంబంధం ఒకటి వచ్చింది. డెస్టినీ, సోల్ అర్జ్ నంబర్లు చూస్తే మా ఇద్దరి కోరికలు ఒకటేనా అని తెలుస్తుందా?

న్యూమరాలజీలోని పైథాగరియన్ పద్ధతిలో A నుంచి I వరకు 1–9 విలువలిచ్చి, J నుంచి, S నుంచి మళ్లీ 1తో మొదలుపెడతారు. పేరులోని అక్షరాలన్నీ కూడి, వచ్చిన మొత్తంలోని అంకెలను ఒకే అంకె మిగిలేదాకా కూడితే డెస్టినీ, అంటే జీవితం సాగే దిశ. అచ్చులు మాత్రమే అలా కూడితే సోల్ అర్జ్, అంటే లోపలి కోరిక. కాబట్టి మీ ప్రశ్నకు రెండోదే ముఖ్యం.

అసలు లెక్కలో ఇంటిపేరు కూడా చేరాలి. ఇక్కడ సులువు కోసం స్వాతి, కిరణ్ అనే ఉదాహరణలతో పేరు వరకే చూద్దాం.

```
SWATHI: 1+5+1+2+8+9 = 26 → 8; A+I = 10 → 1
KIRAN: 2+9+9+1+5 = 26 → 8; I+A = 10 → 1
```

రెండు నంబర్లూ కలిశాయి. అయినా 1 స్వతంత్రతను, ముందుండాలనే తపనను సూచిస్తుంది కనుక, కోరిక ఒకటే అయినా ఇంట్లో నిర్ణయం ఎవరిదన్న పేచీ రావచ్చని ఈ శాస్త్రం చదివినవారే అంటారు.

పదో తరగతి మెమోలో SWATI అని ఉంటే H విలువ 8 తగ్గి డెస్టినీ 9 అవుతుంది, సోల్ అర్జ్ మాత్రం మారదు. ఒక్క అక్షరంతో దిశే మారే ఈ లెక్కకు పరిశోధనల ఆధారం లేదు కాబట్టి, ఉద్యోగం, ఊరు, పిల్లల విషయాలు ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవడానికి దీన్ని ఒక సాకుగా మాత్రమే వాడండి.