ఒకటిన్నరకి మూసే గేటు

తల్లీ,

నువ్వు నీట్‌కి దరఖాస్తు పెట్టావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మనింట్లో డాక్టరు చదువు వైపు అడుగేస్తున్న మొదటి పిల్లవి నువ్వే. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. నీ చదువు గురించి కాదు. "పరీక్ష రెండింటికి కదన్నయ్యా, గంట ముందు బయల్దేరితే సరిపోదూ?" అన్నాడు మీ నాన్న. సరిపోదు. వాడికి ఫోన్లో చెప్తే సగమే వింటాడు, అందుకే నీకు రాస్తున్నాను.

పరీక్ష మొదలయ్యేది మధ్యాహ్నం 2 గంటలకి. గేటు మూసేది 1:30కి. ఇవి కాక నీకంటూ ఒక రిపోర్టింగ్ సమయం హాల్ టికెట్ మీద ఉంటుంది, అది ఇంకా ముందు. అందరూ ఒక్కసారే వచ్చి పడితే తనిఖీ, బయోమెట్రిక్ తెమలవు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో సమయం ఇస్తారు. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ సమయమే. 1:30 అనేది ఆఖరి హద్దు.

నాకున్న పెద్ద భయం ఇంకోటి. నువ్విప్పుడే ఇంటర్ పరీక్షలు రాసి వస్తున్నావు. తెలంగాణలో 2024లో నిమిషం నిబంధన సడలించి, ఇంటర్ పిల్లలకి 5 నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. ఆ అలవాటు మనసులో ఉండిపోతే ప్రమాదం. నీట్‌లో ఆ 5 నిమిషాలు లేవు. రెండింటికి ముందే బుక్‌లెట్లు పంచుతారు, వివరాలు నింపిస్తారు. ఆ దశలో బయటి మనిషి లోపలికి వస్తే పేపర్ మీదే అనుమానం వస్తుంది. అందుకే మూసిన గేటు తెరిచే అధికారం సెంటర్ సూపరింటెండెంటుకి కూడా ఉండదు.

నేను ఇన్విజిలేటర్ డ్యూటీలో ఉండగా చూసింది చెప్తాను, ఓపిగ్గా చదువు. ఒకమ్మాయి, వాళ్ళ నాన్న పన్నెండింటికే చేరుకున్నారు. కానీ వేరే కాలేజీకి. ఒకే పేరుతో ఊళ్ళో రెండు బ్రాంచిలున్నాయి. ఆయన హాల్ టికెట్ మీద కాలేజీ పేరు చదివి, ఫోన్లో ఆ పేరు కొట్టి, మొదట వచ్చిన చోటికి తీసుకెళ్ళిపోయాడు. గేటు ముందు క్యూ కనిపించింది, అక్కడా పరీక్ష ఉంది మరి. ఇక అనుమానం ఎందుకొస్తుంది? నీడలో కూర్చుని ఆమె చేత ఫార్ములాలు చదివించాడు. ఒంటిగంట దాటాక వరసలో నిలబెడితే, అక్కడివాళ్ళు టికెట్ చూసి "సెంటర్ నంబరు మాది కాదు" అన్నారు. మా గేటు దగ్గరికి వచ్చేసరికి 1:34. ఆయన చేతులు జోడించాడు, కాళ్ళ మీద పడబోయాడు. అటు పోలీసు, ఇటు సూపరింటెండెంటు, ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఆ అమ్మాయి మాత్రం ఏడవలేదు, గేటు ఊచల మధ్య నుంచి హాల్ టికెట్ మాకేసి చాపి అలాగే పట్టుకుంది. ఆమెని గైర్హాజరు కింద రాశారు. ఫీజు తిరిగి రాదు, అది పోతే పోనీ. జేఈఈ మెయిన్‌కి అయితే ఏడాదిలో రెండు సెషన్లుంటాయి, ఒకటి తప్పితే రెండోది ఉంటుంది. నీట్ ఏడాదికి ఒక్కసారే. ఆ పిల్ల ఏడాదంతా ఆగాల్సొచ్చింది.

వాళ్ళు ఆలస్యంగా బయల్దేరలేదు, చూశావా? పన్నెండింటికే నంబరు సరిచూసుకుని ఉంటే నింపాదిగా వచ్చేవాళ్ళు. అందుకని హాల్ టికెట్ మీద పేరు చూసి ఊరుకోకు. సెంటర్ నంబరు, వీధి, పిన్ కోడ్ దాకా చదువు. ముందురోజు సరిగ్గా నీ రిపోర్టింగ్ వేళకి మీ నాన్నతో వెళ్ళి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఆ చిరునామా ఇదేనా, ఈ పేరుతో ఇంకో బ్రాంచి ఉందా అని అడుగు. మ్యాప్ చూపించిన చోటు నమ్మి ఇంటికొచ్చేస్తే నాకు కోపమొస్తుంది.

ఫోటోలు ముందురోజే అతికించుకో. ఇన్విజిలేటర్ ముందు పెట్టాల్సిన సంతకం మాత్రం ముందే పెట్టెయ్యకు. ఒరిజినల్ ఐడీ మర్చిపోకు. ఫోన్ నాన్నకి ఇచ్చెయ్.

చేరాక కూడా నీడ కోసం దూరంగా వెళ్ళి కూర్చోవద్దు తల్లీ. నీ సమయం రాగానే లోపలికి వెళ్ళిపో. లోపల ఊరికే కూర్చోవాల్సి వస్తుంది, టెన్షన్‌గా ఉంటుంది, తెలుసు. అయినా గేటు బయట టెన్షన్ కంటే లోపలి టెన్షనే మేలు.

హాల్ టికెట్ డౌన్‌లోడ్ అవగానే ఫోటో తీసి నాకు పంపు. చిరునామా నేనూ ఒకసారి సరిచూస్తాను. మీ నాన్నకి నేను విడిగా ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న